అన్న పోయాక అన్న ఆటలు ఎవరివి?

2024 మే నెలలో ఒక ఆటగాడు స్టీమ్ సహాయ విభాగాన్ని సూటిగా ఒక ప్రశ్న అడిగాడు. నేను చనిపోతే నా అకౌంట్‌ను వీలునామాలో ఇంకొకరి పేరున రాయొచ్చా అని. జవాబూ అంత సూటిగానే వచ్చింది. స్టీమ్ అకౌంట్లు గానీ, వాటిలోని ఆటలు గానీ చేతులు మారవు. వేరొకరిని ఆ అకౌంట్‌లోకి రానివ్వలేం, అందులో ఉన్నవాటిని మరో అకౌంట్‌లో కలపలేం, వీలునామా ఉన్నా అంతే. ఆ జవాబు ప్రపంచమంతా తిరిగింది. అప్పటిదాకా చాలామందికి రాని ఆలోచన ఆ రోజు వచ్చింది.

కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు స్టీమ్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ నడిపే గేముల దుకాణం. అక్కడ డబ్బు కడితే ఆట మన అకౌంట్‌లో చేరుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు దింపుకుని ఆడుకోవచ్చు. 2015 చివరి నుంచి మన దగ్గర ధరలు రూపాయల్లోనే కనిపిస్తున్నాయి. పండగ సేల్స్‌లో వందా రెండొందలకు ఒక్కోటి కొంటూ పోతే, పదేళ్లు తిరిగేసరికి లెక్క లక్ష దాటినవాళ్లు కూడా ఉంటారు. అంత డబ్బు పోసి కొన్నది ఆస్తి కాకుండా ఎలా పోతుంది అన్నది సహజమైన సందేహమే.

పోతుంది, ఎందుకంటే కొన్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని. అకౌంట్ తెరిచేటప్పుడు చదవకుండా ఒప్పుకున్న పత్రంలో ఆటలను అమ్మడం లేదని, లైసెన్సు మాత్రమే ఇస్తున్నామని, అకౌంట్‌ను ఎవరికీ బదిలీ చేయకూడదని రాసి ఉంటుంది. ఆర్టీసీ బస్ పాస్ లాంటిదన్నమాట. డబ్బు ఎవరు కట్టినా, ఫోటో ఎవరిదో ప్రయాణం వాళ్లదే. డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమలైంది. దానికి కొద్ది నెలల ముందే స్టీమ్ కార్ట్ పేజీలో ఆ మాట ఒక వాక్యంగా చేరింది. డబ్బు కట్టే బటన్ దగ్గరే ఉంటుంది. ఈసారి ఏదైనా కొన్నప్పుడు ఓ క్షణం ఆగి చూడండి.

మరి మన చట్టం ఏమంటుంది? భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం మనకున్న ఆస్తిని వీలునామాతో ఎవరికైనా ఇవ్వొచ్చు. చిక్కంతా ఆ 'మనకున్న' అన్న దగ్గరే ఉంది. లైసెన్సు మనతోనే ముగుస్తుందని మనమే సంతకం లాంటిది పెట్టాక, ఇవ్వడానికి మన దగ్గర మిగిలేదేమిటి? బ్యాంకు డబ్బు కోసం కోర్టు నుంచి తెచ్చుకునే సక్సెషన్ సర్టిఫికెట్ కూడా ఇక్కడ అక్కరకు రాదు. అది అప్పులకు, సెక్యూరిటీలకు సంబంధించిన కాగితం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో నామినీని పెట్టుకునే హక్కు ఉంది గానీ, అది మన వ్యక్తిగత సమాచారం మీద హక్కు, కొన్న గేముల మీద కాదు. ఇంకో సంగతి. ఐటీ చట్టం వీలునామాను తన పరిధిలోంచి తప్పించింది. కాబట్టి ఈమెయిల్లోనో, ఫోన్ నోట్స్‌లోనో రాసిపెట్టిన వీలునామా చెల్లదు. కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాల్సిందే.

విదేశాల్లో ఈ గీత కాస్త అటూ ఇటూ జరిగింది. 2018లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు, చనిపోయిన 15 ఏళ్ల అమ్మాయి ఫేస్‌బుక్ ఖాతాను చూసే హక్కు తల్లిదండ్రులకు ఉందని తీర్పు చెప్పింది. ఉత్తరాలు, డైరీలు వారసులకు చేరినట్టే ఆ ఒప్పందమూ చేరుతుందన్నది దాని సారం. అమెరికాలో 2015 నాటి ఒక నమూనా చట్టాన్ని చాలా రాష్ట్రాలు స్వీకరించాయి. దాని ప్రకారం ఎస్టేట్ చూసే వ్యక్తి డిజిటల్ ఖాతాల కోసం కంపెనీలను అడగొచ్చు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఇది పనికొచ్చే విషయమే గానీ, ఆ చట్టం కూడా చనిపోయిన మనిషికి లేని హక్కును కొత్తగా ఇవ్వదు. లైసెన్సు బదిలీ కాదని ఒప్పందంలో ఉంటే అక్కడా అదే గోడ.

చట్టం సంగతి అంతవరకే. ఇల్లు మాత్రం చట్టంతో నడవదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక అన్న హఠాత్తుగా పోయాడనుకుందాం. ఇంట్లో వదిన, ఎనిమిదేళ్ల పాప, తమ్ముడు ఉన్నారు. అన్న గదిలో డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది, అందులో స్టీమ్ ఉంది, స్టీమ్‌లో రెండొందల ఆటలున్నాయి. రోజూ రాత్రి అన్నం తిన్నాక అన్న, పాప కలిసి స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటలో ఒక పొలం సాగుచేసేవాళ్లు. ఇప్పుడు పాప ఆ పొలం కావాలంటోంది.

ఈ ఇంట్లో మొదట జరిగే పొరపాటు కంప్యూటర్ దగ్గర కాదు, ఫోన్ దగ్గర జరుగుతుంది. కర్మలయ్యాక ఎవరో ఒకరు, ఫోన్ ఊరికే పడుంది, ఫార్మాట్ చేసి పిల్లాడికి ఇద్దాం అంటారు. ఇంకొకరు, సిమ్‌కు రీచార్జ్ ఎందుకు దండగ అంటారు. అన్న ఫోన్‌లో స్టీమ్ యాప్ ఉంటే, లాగిన్‌కు కావాల్సిన రెండో తాళం అందులోనే ఉన్నట్టు. ఆ కోడ్ ప్రతి 30 సెకన్లకు మారుతుంటుంది. ఫోన్‌ను తుడిచేస్తే ఆ తాళం పోతుంది. అది పోయినా నంబరుకు వచ్చే మెసేజ్‌తో దారి దొరకొచ్చు. కానీ ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు, తర్వాత ఇంకెవరికో ఇచ్చేయొచ్చు కూడా. అప్పుడు అన్న ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి. ఇది గేములకే కాదు, బ్యాంకుకూ వర్తించే ప్రమాదం. కనుక కనీసం కొన్ని నెలలు సిమ్ బతికుండాలి, ఫోన్ ఛార్జింగ్‌లో ఉండాలి.

ఫోన్ తర్వాత ఈమెయిల్. స్టీమ్ పాస్‌వర్డ్ మార్చాలన్నా, మరేం చేయాలన్నా మెయిల్ ద్వారానే. రెండేళ్లపాటు ఎవరూ వాడని ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ నియమం పెట్టింది. చనిపోయినవారి ఖాతా గురించి కుటుంబం గూగుల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, పాస్‌వర్డ్ మాత్రం వాళ్లు ఎవరికీ ఇవ్వరు. అన్న బతికుండగా గూగుల్‌లో Inactive Account Manager అనే అమరిక చేసుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. 3 నెలల నుంచి 18 నెలల దాకా ఒక గడువు పెట్టుకుంటే, అంతకాలం ఖాతా కదలకపోతే మనం ఎంచుకున్న మనుషులకు కబురు వెళ్తుంది. మనం అనుమతించిన డేటాను వాళ్లు దింపుకోగలరు. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ అని ఇలాంటిదే ఉంది. కానీ అందులో ఫోటోలు, నోట్స్ వస్తాయి గానీ కొన్న సినిమాలు, పాటలు, పుస్తకాలు రావు. అక్కడా అదే లైసెన్సు గోడ.

ఇప్పుడు పాప పొలం దగ్గరికొద్దాం. ఆట వేరు, ఆటలో మనం చేసుకున్నది వేరు. ఆట కంపెనీది, దాని మీద మనది అనుమతి మాత్రమే. మనం ఆడుతూ పోగుచేసినది మాత్రం సేవ్ ఫైలు రూపంలో చాలాసార్లు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని కాపీ చేసుకోవడానికి స్టీమ్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. స్టార్‌డ్యూ వ్యాలీ సేవ్‌లు, స్టీమ్‌లో తీసుకున్న స్క్రీన్‌షాట్‌లు విండోస్‌లో సాధారణంగా ఈ రెండు చోట్ల ఉంటాయి.

```
%AppData%\StardewValley\Saves
C:\Program Files (x86)\Steam\userdata
```

మొదటి దారిని ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన ఉండే పెట్టెలో టైప్ చేసి ఎంటర్ నొక్కితే, పొలం యజమాని పేరు, దాని పక్కన ఒక అంకెతో ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒక్కో ఫోల్డర్ ఒక్కో పొలం. తమ్ముడు చేయాల్సిందల్లా ఆ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఇంకో కాపీ వేరేచోట దాచి, తన అకౌంట్‌లోనో వదిన అకౌంట్‌లోనో ఆ ఒక్క ఆటను కొని, అక్కడి Saves ఫోల్డర్‌లో పెట్టడం. ఆట తెరిస్తే అన్న వేసిన పంట అక్కడే ఉంటుంది. రెండొందల ఆటలను తెచ్చుకోలేకపోవచ్చు గానీ, ఇంటికి కావాల్సిన ఈ ఒక్కటీ ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చేసింది. ఏదైనా కుటుంబం నన్ను సలహా అడిగితే అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే. అకౌంట్ గురించి తర్వాత చూద్దాం, ముందు ఫైళ్లు దాచండి.

రెండో దారిలో అంకెల పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అది అన్న అకౌంట్. అందులో 760 అనే ఫోల్డర్‌లో స్క్రీన్‌షాట్‌లు, ఇతర అంకెల్లో కొన్ని ఆటల సేవ్‌లు ఉంటాయి. విడివిడిగా ఏరుకుంటూ కూర్చోకుండా userdata మొత్తాన్ని కాపీ చేసుకోవడం మేలు. అన్ని ఆటలూ ఇంత సులువుగా లొంగవు. ఆన్‌లైన్‌లో మాత్రమే ఆడే ఆటల్లో ప్రగతి అంతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, ఇంట్లో ఫైలంటూ ఉండదు. కొన్ని ఆటలు సేవ్ ఫైలును ఫలానా అకౌంట్‌కే ముడిపెడతాయి. వేరే అకౌంట్‌లో పెడితే తెరుచుకోవు. అది తెలుసుకునే దారి ఒక్కటే, కాపీ పెట్టి చూడటం. అసలుది చెక్కుచెదరకుండా ఉంచి, నకలుతోనే ప్రయత్నించాలి.

విండోస్ పాస్‌వర్డే తెలియకపోతే? డిస్క్ ఎన్‌క్రిప్ట్ కాకుండా ఉంటే, కంప్యూటర్ బాగుచేసే షాపులో హార్డ్ డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు కాపీ చేసిస్తారు. 'ఫార్మాట్ వద్దు, డేటా కావాలి' అని ముందే గట్టిగా చెప్పాలి. బిట్‌లాకర్ పెట్టి ఉంటే రికవరీ కీ లేకుండా ఎవరి వల్లా కాదు. ఆ కీ తరచు అన్న మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, అంటే మళ్లీ మెయిల్, ఫోన్ దగ్గరికే వచ్చాం.

ఆటలోని గుర్తు ఎంత విలువైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ బాగా తెలిసినదే. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న ఒక అబ్బాయి, ఏళ్ల తర్వాత పాత ఎక్స్‌బాక్స్ తెరిచి ర్యాలీస్పోర్ట్ ఛాలెంజ్ అనే కార్ల పందెం ఆట పెట్టాడు. ఆ ఆట ట్రాక్ మీద అత్యంత వేగంగా నడిపినవారి పరుగును నీడకారుగా చూపిస్తుంది. అక్కడ తండ్రి కారు ఇంకా పరుగెడుతూనే ఉంది. గెలిస్తే ఆ రికార్డు చెరిగిపోతుందని, గీత దాటే ముందు ఆగిపోయేవాడినని ఆ అబ్బాయి రాసుకున్నాడు. అదంతా ఆ పెట్టెలోని డిస్క్ మీద ఉన్న చిన్న ఫైలు. ఆ పెట్టెను ఎవరైనా పాత సామాన్లవాడికి వేసి ఉంటే అంతే.

ఇక మిగతా నూట తొంభై తొమ్మిది ఆటలు. అన్న పాస్‌వర్డ్ వదినకు తెలుసనుకోండి. లాగిన్ అయి ఆడితే ఏమవుతుంది? ఒప్పందం ప్రకారం అది ఉల్లంఘనే, కంపెనీకి తెలిస్తే అకౌంట్ ఆపేసే అధికారం దానికుంది. ఆచరణలో చాలా కుటుంబాలు ఇదే చేస్తున్నాయన్నది బహిరంగ రహస్యం. తప్పో ఒప్పో ఎవరింట్లోవాళ్లు తేల్చుకోవాలి గానీ, దీన్ని హక్కు అనుకుని నిశ్చింతగా మాత్రం ఉండొద్దు. ఏదో ఒకరోజు ఆ కంప్యూటర్ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఫోన్ కోడ్ అడుగుతుంది.

నిబంధనలకు లోబడి ఉన్న మంచి దారి ఒకటుంది. కాకపోతే మనిషి బతికుండగానే వేసుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో స్టీమ్ పూర్తిగా విడుదల చేసిన స్టీమ్ ఫ్యామిలీస్. ఒకే ఇంట్లో ఉండే ఆరుగురి దాకా ఒక కుటుంబంగా చేరొచ్చు. ఒకరు కొన్న ఆటలు మిగతావాళ్ల లైబ్రరీలో కనిపిస్తాయి. ఎవరి అకౌంట్ వాళ్లది, ఎవరి సేవ్‌లు వాళ్లవి. కొన్న మనిషి తమ కంప్యూటర్‌లో లాగిన్ అవ్వాల్సిన పనిలేదు. మన కథలో అన్న తన అకౌంట్ వివరాల్లో Family Management అన్న చోటికి వెళ్లి కుటుంబం ఏర్పాటు చేసి, వదినను, తమ్ముణ్ణి పెద్దలుగా, పాపను పిల్లల అకౌంట్‌గా చేర్చి ఉంటే, ఆయన పోయిన మర్నాడు కూడా ఆ ఆటలు వాళ్ల అకౌంట్లలో కనిపిస్తూనే ఉండేవి. ఎవరూ ఎవరి పాస్‌వర్డ్ వాడక్కర్లేదు.

ఇందులో మెలికలున్నాయి. కుటుంబంలో పెద్ద ఒక్కరే అయితే, ఆయన పోయాక దాన్ని నడిపేవాళ్లు ఉండరు. కాబట్టి రెండో పెద్ద తప్పనిసరి. దుఃఖంలోనో, శుభ్రం చేద్దామనో అన్న అకౌంట్‌ను ఆ జాబితాలోంచి తీసేస్తే, ఆయన కొన్న ఆటలన్నీ ఆయనతోపాటే వెళ్లిపోతాయి. ఆ ఖాళీలో మరొకరిని చేర్చాలంటే ఏడాది ఆగాలి. కుటుంబమంతా ఒకే దేశంలో ఉండాలి కనుక గుంటూరులో నాన్న, టెక్సాస్‌లో కొడుకు ఒక కుటుంబం కాలేరు. ఒక ఆట ఒకే కాపీ ఉంటే దాన్ని ఒకేసారి ఇద్దరు ఆడలేరు. కొన్ని ఆటలను వాటి తయారీదారులు ఈ ఏర్పాటు నుంచి తప్పించుకున్నారు. ఆట పేజీలో కుడిపక్క సౌకర్యాల జాబితాలో Family Sharing అని ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

స్టీమ్‌కు పూర్తి భిన్నంగా మాట్లాడిన దుకాణం ఒకటుంది. పోలండ్‌కు చెందిన గాగ్. 2024లో ఆ జవాబు మీద గొడవ జరిగినప్పుడే, గాగ్ తన వైఖరి చెప్పింది. మామూలుగా మా అకౌంట్లూ బదిలీ కావు. కానీ ఫలానా వ్యక్తికి ఈ అకౌంట్ చెందాలని, అకౌంట్ పేరు గానీ దానికి వాడిన ఈమెయిల్ గానీ స్పష్టంగా పేర్కొంటూ కోర్టు ఉత్తర్వు తెస్తే, సాధ్యమైనంత చేస్తామంది. తలుపు తీసి ఉంచినందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ మన ఊళ్లో సివిల్ కోర్టు మెట్లెక్కి అలాంటి ఉత్తర్వు తేవడానికి అయ్యే వకీలు ఫీజు, పట్టే కాలం ముందు, లోపలున్న ఆటల ధర ఏ మూలకూ రాదు. గాగ్‌లో అసలు బలం వేరే ఉంది. అక్కడి ఆటలకు కాపలా తాళాలు లేవు. ప్రతి ఆటకూ ఇన్‌స్టాలర్ ఫైలును దింపుకుని బయటి హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. అకౌంట్ లేకుండానే, ఇంటర్నెట్ లేకుండానే అది నడుస్తుంది. లైసెన్సు చట్టప్రకారం ఎవరిదన్న వాదన అలాగే ఉన్నా, బీరువాలో హార్డ్ డిస్క్ ఉన్న ఇంటికి ఎవరినీ బతిమాలే అవసరం రాదు.

పెట్టెతో ఆడేవాళ్ల సంగతి కొంత నయం. ప్లేస్టేషన్, నింటెండో డిస్కులు, కార్ట్రిడ్జ్‌లు చేత్తో పట్టుకునే వస్తువులు. బీరువాలో నగల్లాగే అవీ వారసులకు చేరతాయి. డిజిటల్‌గా కొన్న ఆటల విషయంలో, అన్న తన ప్లేస్టేషన్ 5లో కన్సోల్ షేరింగ్ అమరికను ఆన్ చేసి ఉంటే (సాధారణంగా ఉంటుంది), అదే పెట్టెలో తమ్ముడు తన సొంత ప్రొఫైల్‌తో ఆ ఆటలు ఆడొచ్చు. పెట్టెను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మాత్రం ఆ సౌకర్యం పోతుంది, సేవ్‌లూ పోతాయి. అమ్మేద్దామనుకుంటే ఆ సంగతి ఆలోచించాకే. నెలనెలా చందా కట్టి తీసుకున్న ఆటలు చందా ఆగగానే ఆగిపోతాయి, వాటి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. కానీ చందా మాత్రం దానంతటది ఆగదు. అన్న కార్డు నుంచో, యూపీఐ ఆటోపే నుంచో డబ్బు వెళ్తూ ఉందేమో బ్యాంకులో చూసి రద్దు చేయించాలి.

స్టీమ్ వాలెట్‌లో మిగిలిన డబ్బు బ్యాంకు ఖాతాలోకి రాదు. ఒకవేళ అన్న చివరి రెండు వారాల్లో ఏదైనా కొని, రెండు గంటలకు తక్కువ ఆడి ఉంటే, స్టీమ్ మామూలు రిఫండ్ నియమం దానికి వర్తిస్తుంది. కౌంటర్‌స్ట్రైక్ ఆడేవాడైతే ఇంకో లెక్క ఉంటుంది. ఆ ఆటలో తుపాకులకు, కత్తులకు వేసే రంగుల 'స్కిన్‌'లకు మార్కెట్‌లో నిజమైన ధర పలుకుతుంది, కొన్నిటికి వేలల్లో. ఇవి ఆటల్లాగా కావు, ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు ట్రేడ్ ద్వారా పంపుకునే సౌకర్యం స్టీమే ఇచ్చింది. కాకపోతే ప్రతి ట్రేడ్‌నూ ఫోన్‌లోని యాప్‌లో ధ్రువీకరించాలి. అందుకే విలువైన స్కిన్‌లున్నవాడు బతికుండగానే వాటి జాబితా ఇంట్లో చెప్పి ఉంచడం మంచిది. ఇంట్లోవాళ్లకు ఆ బొమ్మ కత్తి అసలు కత్తి కంటే ఖరీదని తోచదు.

కంపెనీకి రాయాలా వద్దా అన్నది చివర తేల్చుకోవాల్సిన విషయం. మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవలో తీసుకున్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ జతచేసి అకౌంట్ మా పేరున మార్చండి అని రాస్తే, స్టీమ్ నుంచి వచ్చే జవాబు పైన చెప్పుకున్నదే. అదే ఉత్తరంలో అడిగేదాన్ని కొంచెం మార్చొచ్చు. బదిలీ కాకుండా, ఇకపై ఎవరూ ఈ అకౌంట్‌తో కొనకుండా చూడమని అడగొచ్చు, లేదా పూర్తిగా మూసేయమనొచ్చు. మూసేయమంటే తిరిగి తెరవడం ఉండదు, ఫ్యామిలీలో కనిపిస్తున్న ఆటలూ పోతాయి. అందుకని సేవ్‌లు, స్క్రీన్‌షాట్‌లు, కావాలనుకుంటే స్నేహితుల జాబితా ఫోటో, అన్నీ చేతికొచ్చాకే ఆ ఉత్తరం పంపాలి. స్నేహితుల జాబితా ఎందుకంటారా, అన్నతో రాత్రిళ్లు ఆడిన పదిమంది ఏ ఊళ్లో ఉంటారో, అసలు పేర్లేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్లకూ ఎవరో ఒకరు కబురు చెప్పాలి. అది చెప్పడానికి ఆ అకౌంట్ తప్ప ఇంకో దారి లేదు.